తెలుగు మీడియం నుంచి వచ్చాను. నా ఎస్‌ఓపీ బట్టీ పట్టినట్టు ఉందంటున్నారు, ఎలా మార్చాలి?

మర్రిగూడ కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. జిల్లా పరిషత్ స్కూల్లో పదో తరగతి దాకా తెలుగు మీడియం, 2019లో పాసయ్యాను. తర్వాత సివిల్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, బీటెక్ 2025లో పూర్తి చేశాను. ఇప్పుడు నీటి వనరుల ఇంజనీరింగ్‌లో మాస్టర్స్‌కి అప్లై చేస్తున్నాను. జర్మనీలో స్టుట్‌గార్ట్, ఇంకొకటి. అమెరికాలో బర్కిలీతో కలిపి మూడు.

అప్లికేషన్‌తో పంపే ఎస్‌ఓపీ, అంటే ఈ చదువు నాకెందుకో చెప్పే వ్యాసం, ఇప్పటికి మూడుసార్లు తిరగరాశాను. మా సీనియర్ అక్క చదివి, "తప్పులు లేవు కానీ ఇది నువ్వు మాట్లాడుతున్నట్టు లేదురా, స్కూల్లో వ్యాసం అప్పజెప్పినట్టు ఉంది" అంది. రెండు రోజుల నుంచి అదే టెన్షన్. మొదటి పేరా ఇలా మొదలవుతుంది: "వాటర్ ఈజ్ ది ఎలిక్సిర్ ఆఫ్ లైఫ్. హెయిలింగ్ ఫ్రమ్ ఎ ఫ్లోరైడ్ అఫెక్టెడ్ విలేజ్, సిన్స్ మై చైల్డ్‌హుడ్ ఐ హావ్ బీన్ ప్యాషనేట్ అబౌట్ వాటర్." ఆ తర్వాత కాలేజీ, మార్కులు, ప్రాజెక్టు గురించి ఒక పేరా, చివరికి మీ ఎస్టీమ్డ్ యూనివర్సిటీ అని ఒక పేరా.

సులభంగా రాయబోతే చిన్నపిల్లాడి ఇంగ్లిష్‌లా కనిపిస్తోంది. పెద్ద మాటలు పెడితే బట్టీలా ఉంటోంది. ఈ రెండింటికీ మధ్యలో ఎలా రాయాలో తెలియడం లేదు. గడువు ఇంకా మూడు వారాలు ఉంది.

విశ్రాంత మాస్టారు

నాయనా, ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఇంగ్లిష్ చెప్పాను. నీ బాధ నాకు తెలుసు. నా సలహా ఒక్కటే. ముందు మొత్తం తెలుగులో రాసుకో. మనసులో ఉన్నది పూర్తిగా వచ్చేదాకా రాయి. తర్వాత ఒక్కో వాక్యాన్నీ జాగ్రత్తగా ఇంగ్లిష్‌లోకి మార్చు. పేరాకీ పేరాకీ మధ్య "మోర్ఓవర్", "ఫర్దర్‌మోర్", "హెన్స్" లాంటి మాటలు పెడితే అతుకు బాగా కుదురుతుంది. వ్యాకరణం ఎవరిచేతైనా సరిచూయించు.

బ్రేమెన్ బాబాయ్

తమ్ముడూ, జర్మనీ అంటున్నావు కదా, మన చదువు కాగితాలు సరైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తీసుకున్నావా? 2022 నవంబరు నుంచి మనవాళ్ళకి స్టూడెంట్ వీసాకి అది తప్పనిసరి. ఎస్‌ఓపీ కంటే ముందు అది చూసుకో. ఐఈఎల్‌టీఎస్‌లో రైటింగ్ తక్కువ వస్తే టాస్క్ టూకి మంచి టెంప్లేట్లు ఉన్నాయి, కావాలంటే పంపిస్తాను.

మర్రిగూడ కుర్రాడు

బాబాయ్, ఏపీఎస్ వచ్చేసింది. ఐఈఎల్‌టీఎస్ కూడా అయిపోయింది, మొత్తం 7, రైటింగ్‌లో 6. నా సమస్య ఎస్‌ఓపీ ఒక్కటే.

మాస్టారూ, మీరు చెప్పినట్టే రెండోసారి తెలుగులో రాసి మార్చాను. అక్క ఎక్కువ తప్పుపట్టింది ఆ కాపీనే.

నీటిగీత

మాస్టారి సలహాలో సగం నేనూ ఒప్పుకుంటాను. ముందు తెలుగులో ఆలోచించడం మంచిదే. మిగతా సగం దగ్గరే చిక్కు వస్తుంది. నేను మహబూబ్‌నగర్ వైపు అమ్మాయిని, ఇంటర్ దాకా తెలుగు మీడియం. అమెరికాలో నీటి వనరుల్లోనే మాస్టర్స్, పీహెచ్‌డీ చేశాను. పీహెచ్‌డీ రోజుల్లో రెండేళ్ళు మా డిపార్ట్‌మెంట్ అప్లికేషన్లు చదివే కమిటీలో విద్యార్థుల తరఫున కూర్చున్నాను.

తెలుగులో మనం "ఊరికి వెళ్ళి, నీళ్ళు తెచ్చి, ల్యాబ్‌లో పరీక్షించి, ఫలితం చూసి ఆశ్చర్యపోయాను" అంటాం. మనకది హాయిగా సాగే వాక్యం. దాన్ని మాటకి మాట మారిస్తే "హావింగ్ గాన్ టు ది విలేజ్ అండ్ హావింగ్ కలెక్టెడ్" అని వస్తుంది. తప్పేమీ ఉండదు, కానీ బతికున్న మనిషెవరూ అలా మాట్లాడరు. ఇంగ్లిష్‌లో దాన్ని మూడు వాక్యాలుగా విడగొట్టాలి. ఊరికి వెళ్ళాను. ఆరు బోర్ల నీళ్ళు తెచ్చాను. రీడింగ్ చూస్తే అనుకున్నట్టు లేదు. "మోర్ఓవర్" పెట్టాలనిపించిన చోట ఒకటి గమనించండి. రెండు వాక్యాలకీ నిజంగా సంబంధం ఉంటే ఆ మాట అక్కర్లేదు. సంబంధం లేకపోతే ఆ మాట పెట్టినా అతకదు.

మర్రిగూడ తమ్ముడూ, నీ ఎస్‌ఓపీలో ప్రాజెక్టు పేరాలో ఏం రాశావో మాత్రం ఇక్కడ పెట్టు. మిగతాది ఇప్పుడు వద్దు.

మర్రిగూడ కుర్రాడు

అక్కా, ప్రాజెక్టు పేరా తెలుగులో చెప్తున్నాను. "నా చివరి సంవత్సరంలో చింతకాయ పెంకుల నుంచి తయారుచేసిన తక్కువ ఖర్చు యాక్టివేటెడ్ కార్బన్‌తో తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను తొలగించే వినూత్న ప్రాజెక్టును మా బృందం విజయవంతంగా పూర్తి చేసింది. 82 శాతం తొలగింపు సాధించాం. ఈ ప్రాజెక్టు నాలో నాయకత్వ లక్షణాలను, సమస్యా పరిష్కార నైపుణ్యాలను పెంపొందించింది." ఇంతే.

నీటిగీత

82 శాతం ఏ నీళ్ళలో వచ్చింది? ల్యాబ్‌లో కలిపిన నీళ్ళా, మీ ఊరి బోరు నీళ్ళా?

మర్రిగూడ కుర్రాడు

ల్యాబ్ నీళ్ళే అక్కా. డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి లీటరుకి 5 మిల్లీగ్రాములు చేశాం. పెంకుల బొగ్గుని ముందు పటిక నీళ్ళలో నానబెట్టి ఎండబెట్టాం, ఉత్త బొగ్గు ఫ్లోరైడ్‌ని సరిగా పట్టుకోలేదు. లీటరుకి 10 గ్రాములు వేసి రెండు గంటలు తిప్పితే 0.9కి దిగింది.

మా ఊరి బోరు నీళ్ళతో కూడా చేశాం. 4.6 ఉన్నది 2.9కే ఆగింది. అది రిపోర్టులో ఒక పట్టికలో ఉంది, ఎస్‌ఓపీలో పెట్టలేదు. ఫెయిల్ అయిందని తెలిస్తే సీటు ఇవ్వరేమో అనుకున్నాను.

నీటిగీత

నీ ఎస్‌ఓపీ అక్కడ ఉంది. నువ్వు వదిలేసిన ఆ పట్టికలో.

ఎందుకో చెప్తాను. కమిటీలో కూర్చున్నప్పుడు "82 శాతం సాధించాం" అనే వాక్యాలు చదివీ చదివీ ఒకటి అర్థమైంది. అది చదివాక అడగడానికి ఏమీ మిగలదు. అదే "ల్యాబ్‌లో 82, మా ఊరి నీళ్ళలో 37" అని ఉంటే చదివే ప్రొఫెసర్ చేతిలో పెన్ను ఆగుతుంది. ఎందుకలా అయింది అని ఆయనకే తెలుసుకోవాలనిపిస్తుంది. నువ్వు ఆ కారణం వెతికావా లేదా అన్నది అసలు విషయం.

ముందు ఇక్కడే చెప్పు. ఇంగ్లిష్ గురించి ఆలోచించకు, నాతో ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు చెప్పు. ఎందుకు తగ్గింది? దేనితో కొలిచావు? మీ బృందం ప్రాజెక్టులో నువ్వు చేసింది ఏమిటి?

మర్రిగూడ కుర్రాడు

కొలిచింది స్పాడ్న్స్ రంగు పద్ధతితో. ఎర్ర రంగు ఎంత తగ్గితే ఫ్లోరైడ్ అంత ఎక్కువ అని మీటర్లో చూస్తాం కదా, అదే. మా బోరు నీళ్ళ పీహెచ్ 8.1. మా సార్ అందులో బైకార్బనేట్ ఎక్కువ, అందుకే బొగ్గు పట్టుకోవడం లేదు అన్నారు. నాకు అనుమానం వచ్చి కొంచెం ఆసిడ్ వేసి పీహెచ్ 6కి దించి చూశాను. అప్పుడు 1.6కి వచ్చింది. కానీ రెండు శాంపిళ్ళే చేశాను, టైం అయిపోయింది. ఊరి నీళ్ళు తేవడం, ఈ ఆసిడ్ టెస్టు నేను చేశాను. బొగ్గు తయారుచేసింది మిగతా వాళ్ళు. రిపోర్టు నలుగురం కలిసి రాశాం.

నీటిగీత

ఇప్పుడు నువ్వు రాసింది ఒకసారి చదువుకో. ఒక్క పెద్ద మాట లేదు. అయినా చిన్నపిల్లాడి మాటలా లేదు. దీనిలో శాంపిల్, పీహెచ్, ఆసిడ్, టెస్టు, రిపోర్టు, మీటర్ అన్నీ ఇంగ్లిష్ మాటలే, నీ నోటికి అలవాటైనవి. అవి రాసేటప్పుడు నీకు బెదురు లేదు.

మన తెలుగు మీడియం వాళ్ళకి రెండు ఇంగ్లిష్‌లు ఉంటాయి అనిపిస్తుంది నాకు. ఒకటి గైడ్‌లోంచి నేర్చుకున్నది. సెలవు చీటీలో "ఐ బెగ్ టు స్టేట్ దట్" అన్న ఇంగ్లిష్. అది రాయడానికే కానీ మాట్లాడటానికి కాదు. రెండోది డిప్లొమాలో, ల్యాబ్‌లో, సైట్‌లో చేతులతో పనిచేస్తూ పట్టుకున్నది. ఎస్‌ఓపీ అనగానే మనం మొదటిదాని దగ్గరికి వెళ్తాం, అది మర్యాదగా కనిపిస్తుంది కాబట్టి. రెండోదాంట్లోంచి మొదలుపెడితే బట్టీ వాసన దానంతట అదే పోతుంది.

ఇంకో విషయం. సార్ బైకార్బనేట్ అన్నారు, నువ్వు ఆసిడ్ వేశావు. ఆసిడ్ వేస్తే పీహెచ్ తగ్గుతుంది, బైకార్బనేటూ చాలావరకు పోతుంది. రెండూ ఒకేసారి మారాయి. కాబట్టి ఏది కారణమో నీ టెస్టు చెప్పదు. ఇది నీ తప్పు కాదు, ఇదే నీ ప్రశ్న. "ఈ రెండింటిలో ఏది అడ్డుపడుతోందో నాకు ఇంకా తెలియదు" అని రాయగలిగితే మాస్టర్స్ ఎందుకో వేరే పేరా అక్కర్లేదు.

కన్సల్టెన్సీలో రాసేదాన్ని

నేను హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీలో రెండేళ్ళు ఎస్‌ఓపీలు రాశాను. ఇప్పుడు మానేశాను. ఆ పని ఎలా జరుగుతుందో తెలిస్తే ఈ తమ్ముడికి ఉపయోగం.

విద్యార్థికి ఒక ఫారం ఇస్తారు. ఊరు, మార్కులు, ప్రాజెక్టు పేరు, ఇష్టాలు. మా దగ్గర బ్రాంచికొక ఫైలు ఉండేది. సివిల్‌కి నీళ్ళ గురించి ఒక కొటేషన్, కంప్యూటర్స్‌కి చిన్నప్పుడు నాన్న కొన్న కంప్యూటర్, మెకానికల్‌కి బొమ్మ కారు విప్పిన కథ. నేనే ఒక సీజన్‌లో ఆ బొమ్మ కారు కథ చాలామందికి పెట్టాను. వాళ్ళలో కొందరు ఒకే యూనివర్సిటీకి వెళ్ళే ఉంటారు. ఆ పిల్లలు నమ్మి డబ్బు కట్టారు, నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

"హెయిలింగ్ ఫ్రమ్", "సిన్స్ మై చైల్డ్‌హుడ్", "ఎస్టీమ్డ్" ఇవన్నీ ఆ ఫైళ్ళలో ఉన్నవే. నువ్వు సొంతంగా రాసినా అవి పెడితే ఫైల్లోంచి తీసినట్టే కనిపిస్తుంది. ఎందుకంటే నువ్వు చదివిన శాంపిళ్ళన్నీ అక్కడి నుంచి వచ్చినవే. ఇప్పుడు శాంపిళ్ళు చదవడం ఆపెయ్. ఆ మూడు వెర్షన్లు కూడా తెరవకుండా కొత్త కాగితం మీద రాయి.

ఖమ్మం టు టెక్సాస్

నా అనుభవం చెప్తాను. ఎస్‌ఓపీ వేరేవాళ్ళు రాసిచ్చారు, అడ్మిషన్ వచ్చింది. వీసా ఇంటర్వ్యూకి కూడా జవాబులు బట్టీ పట్టి వెళ్ళాను. "ఈ యూనివర్సిటీ ఎందుకు" అంటే నేను నేర్చుకున్నది గడగడా చెప్పాను. ఆఫీసర్ మధ్యలో ఆపి, "మీ ప్రాజెక్టులో కష్టమైన భాగం ఏది?" అన్నారు. అది నా జవాబుల్లో లేదు. గొంతు ఎండిపోయింది. వీసా ఇవ్వలేమనే 214బీ చీటీ ఇచ్చి పంపేశారు. రెండోసారి ఏదీ నేర్చుకోకుండా, నాకు వచ్చిన ఇంగ్లిష్‌లో నా ప్రాజెక్టు చెప్పాను, వచ్చింది. ఆ ఒక్క కారణంతోనే మొదటిసారి ఆపారని అనను, వాళ్ళు చూసేవి చాలా ఉంటాయి. కానీ నా కాగితంలో ఉన్న మనిషి, కిటికీ ముందు నిలబడిన మనిషి వేరుగా కనిపించారని మాత్రం నాకు తెలుసు.

కాబట్టి తమ్ముడూ, రైటింగ్‌లో 6 వచ్చినవాడి ఎస్‌ఓపీ 8 వచ్చినవాడిలా ఉంటే అనుమానం వస్తుంది.

నీటిగీత

చివరి మాట పూర్తిగా ఒప్పుకోను. ఐఈఎల్‌టీఎస్‌లో నలభై నిమిషాల్లో తెలియని విషయం మీద రాస్తాం. ఎస్‌ఓపీ మూడు వారాలు కూర్చుని మనకి తెలిసిన దాని మీద రాస్తాం. రెండోది బాగుండటం సహజం. తేడా మాటల్లో తెలుస్తుంది. నువ్వు ఎప్పుడూ నోటితో అనని మాట కాగితం మీద ఉంటే అప్పుడు తేడా కనిపిస్తుంది.

దానికి నేను వాడిన పరీక్ష చెప్తాను. ఒక పేరా రాశాక కాగితం బోర్లించు. ఫోన్ రికార్డర్ పెట్టి ఆ పేరాలో విషయాన్ని ఇంగ్లిష్‌లో నోటితో చెప్పు. తడబడినా పర్వాలేదు, మధ్యలో తెలుగు వచ్చినా పర్వాలేదు. తర్వాత విని, కాగితంతో పోల్చు. కాగితం మీద "కండక్టెడ్ యాన్ ఇన్వెస్టిగేషన్" అని ఉండి, నోటికి "టెస్టెడ్" అని వస్తే, నోటిదే ఉంచు. కాగితం మీద ఉండి నోటికి అసలు రాని వాక్యం ఉంటే, అది నీ ఆలోచన కాదేమో చూడు. నా ఎస్‌ఓపీలోనూ నీలాగే "నాయకత్వ లక్షణాలు" వాక్యం ఉండేది, అది ఒక్కసారి కూడా నోటికి రాలేదు.

స్పాడ్న్స్ గురించి కూడా ఒకటి. పటికలో అల్యూమినియం ఉంది. అది బొగ్గులోంచి నీళ్ళలోకి కొంచెం కారినా స్పాడ్న్స్ రీడింగ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అంటే నీ 0.9, 1.6 నిజానికి ఇంకొంచెం ఎక్కువ ఉండొచ్చు. ఎలక్ట్రోడ్‌తో కొలిచే వీలుంటే మళ్ళీ కొలువు. లేకపోతే ఆ పరిమితి ఒక్క వాక్యంలో రాసెయ్. ఇలాంటి వాక్యం బట్టీలో ఎప్పుడూ ఉండదు.

విశ్రాంత మాస్టారు

అమ్మా, తప్పులు ఒప్పుకుంటూ పోతే విద్యార్థి చేతగానివాడిలా కనపడడా? మన పిల్లలు ఎలాగూ బెదురుతో ఉంటారు. కొంచెం గట్టిగా, గౌరవంగా రాయడంలో తప్పేముంది? "మోర్ఓవర్" వద్దంటే సరే, మానేద్దాం. భాష మరీ నేలబారుగా ఉండకూడదని నా ఉద్దేశం.

నీటిగీత

మాస్టారూ, మీ భయం నాకు అర్థమైంది. ఫెయిల్ అయిందని రాసి ఆపేస్తే మీరన్నట్టే కనిపిస్తుంది. ఫెయిల్ అయ్యాక ఈ కుర్రాడు ఆసిడ్ వేసి చూశాడు, ఎవరూ చెప్పకుండా. ఆ అడుగు కూడా రాస్తే చేతకానితనం అనిపించదు. గౌరవం విషయానికి వస్తే, "ఎస్టీమ్డ్" అనడం కంటే కోర్సులో ఏం చెప్తారో ఉండే వాళ్ళ మాడ్యూల్ పుస్తకం చదివి రావడమే వాళ్ళు ఎక్కువ గౌరవంగా తీసుకుంటారు. ఫలానా మాడ్యూల్‌లో నీటి రసాయనం ఉంది, నా ప్రశ్నకి అది కావాలి అని ఒక్క వాక్యం చాలు. యూనివర్సిటీ ర్యాంకు వాళ్ళకే చెప్పనక్కర్లేదు.

కన్సల్టెన్సీలో రాసేదాన్ని

మరో చిన్న విషయం. నలుగురి ప్రాజెక్టు కాబట్టి మనం అలవాటుగా "వి డిడ్" అని రాసేస్తాం. తెలుగులో "మేం చేశాం" అంటే వినయం. అక్కడ చదివేవాళ్ళకి మాత్రం నువ్వు ఏం చేశావో తెలియదు. బొగ్గు దగ్గర "వి" ఉంచు, ఊరి నీళ్ళు, ఆసిడ్ దగ్గర "ఐ" పెట్టు. ఒకే పేరాలో రెండూ ఉంటే నిజాయితీగానూ ఉంటుంది.

మర్రిగూడ కుర్రాడు

నాలుగు రోజుల తర్వాత వచ్చాను. కొత్త కాగితం మీద రాశాను. ఒక్కో పేరా రికార్డు చేసి విన్నాను. మొదటిరోజు నా గొంతు నేనే వినలేకపోయాను, మూడోరోజుకి అలవాటైంది. మొదలు ఇలా వచ్చింది:

"అవర్ ఫిల్టర్ వర్క్డ్ ఇన్ ది ల్యాబ్ అండ్ ఫెయిల్డ్ ఇన్ మై విలేజ్. ఇన్ డిస్టిల్డ్ వాటర్ ఇట్ బ్రాట్ ఫ్లోరైడ్ డౌన్ ఫ్రమ్ 5 టు 0.9 మిల్లీగ్రామ్స్ పర్ లీటర్. ఇన్ వాటర్ ఫ్రమ్ అవర్ బోర్‌వెల్ ఇట్ స్టాప్డ్ ఎట్ 2.9, ఆల్మోస్ట్ ట్వైస్ ది లిమిట్ ఆఫ్ 1.5. ఐ వాంటెడ్ టు నో వై."

తర్వాత పేరాలో పీహెచ్, బైకార్బనేట్, నా రెండు శాంపిళ్ళు, స్పాడ్న్స్ పరిమితి. "టూ శాంపుల్స్ ఆర్ నాట్ ఎనఫ్" అని అలాగే పెట్టాను.

రెండు చోట్ల ఆగిపోయాను. ఒకటి, మా ఊరికి ఇప్పుడు మిషన్ భగీరథ కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. అలాంటప్పుడు ఫ్లోరైడ్ గురించి ఇంకా ఎందుకు అని అడుగుతారేమో. రెండు, మా నానమ్మకి ఫ్లోరోసిస్. మోకాళ్ళు వంగిపోయి ముప్పై ఏళ్ళుగా నిటారుగా నిలబడలేదు. తెలుగు మీడియం సంగతి, నానమ్మ సంగతి రాయాలా వద్దా?

నీటిగీత

మొదలు చదివి చాలా సంతోషం వేసింది తమ్ముడూ. "ఐ వాంటెడ్ టు నో వై" దగ్గర ఆగాను, ముందుకి చదవాలనిపించింది.

భగీరథ సంగతి దాచకు, రాయి. కుళాయి నీళ్ళు రాని రోజు మీ ఇంట్లో ఏ నీళ్ళు తాగుతారు? పొలంలో పనిచేసేటప్పుడు? అది నీకు తెలుసు, జర్మనీలో ప్రొఫెసర్‌కి తెలియదు. రెండు వాక్యాలు చాలు.

నానమ్మ విషయంలో నాకు రెండు మనసులు. బర్కిలీ ఎస్‌ఓపీతో పాటు పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ అని వేరేగా అడుగుతుంది. తెలుగు మీడియం, నానమ్మ, స్కూలు ఇవన్నీ అక్కడికి సరిగ్గా సరిపోతాయి. జర్మనీ మోటివేషన్ లెటర్‌లో నేనైతే పెట్టను, వాళ్ళు కోర్సుకి నువ్వు ఎలా సరిపోతావో చూస్తారు.

ఖమ్మం టు టెక్సాస్

నేను ఒప్పుకోను అక్కా. ఆ కుర్రాడు ఫ్లోరైడ్ ఎందుకు ఎంచుకున్నాడో నానమ్మ ఒక్క వాక్యంలో చెప్పేస్తుంది. అది లేకపోతే అన్ని ప్రాజెక్టుల్లో ఇదీ ఒకటి. జర్మనీ వాళ్ళూ మనుషులే.

విశ్రాంత మాస్టారు

నేనూ ఈ ఖమ్మం అబ్బాయి మాటే అంటాను. నానమ్మని ఉంచు నాయనా. తెలుగు మీడియం సంగతి మాత్రం సాకులా చెప్పకు. "నాకు ఇంగ్లిష్ రాదు, క్షమించండి" అన్నట్టు ఉండకూడదు. పదో తరగతి దాకా సైన్స్ అంతా తెలుగులో చదివి, డిప్లొమాలో ఇంగ్లిష్ పుస్తకాలతో మళ్ళీ మొదలుపెట్టానని చెప్పు, చాలు.

అన్నట్టు, నీ మొదటి పేరా మూడుసార్లు చదివాను. అందులో నేను దిద్దడానికి ఏమీ దొరకలేదు.

మర్రిగూడ కుర్రాడు

మాస్టారూ, ఆ మాటకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇలా అనుకుంటున్నాను. బర్కిలీకి పర్సనల్ స్టేట్‌మెంట్‌లో నానమ్మ, స్కూలు. మిగతా రెండు అమెరికా యూనివర్సిటీలకి ఎస్‌ఓపీలో నానమ్మ మీద ఒక్క వాక్యం: "మై గ్రాండ్‌మదర్ హాజ్ నాట్ స్టుడ్ స్ట్రెయిట్ ఫర్ థర్టీ ఇయర్స్." వేరే వివరణ ఏమీ లేకుండా. జర్మనీ లెటర్‌లో ఉంచాలా తీయాలా ఇంకా తేల్చుకోలేదు. ఇంట్లో అడిగితే అమ్మ ఉంచమంది, నాన్న మన కష్టాలు వాళ్ళకెందుకు అన్నాడు.

అక్కా, మీరన్న ఆ రెండు కారణాలు విడదీసే టెస్టు గురించి మా సార్‌కి ఫోన్ చేశాను. డిస్టిల్డ్ వాటర్‌లో ఫ్లోరైడ్ కలిపి, ఒక గిన్నెలో వంటసోడా వేసి పీహెచ్ 8.1 దగ్గర పెడతాం. రెండో గిన్నెలో సోడా లేకుండా కొంచెం సోడియం హైడ్రాక్సైడ్‌తో అదే 8.1కి తెస్తాం. రెండింటిలోనూ అంతే బొగ్గు, అంతే సమయం. రెండూ ఒకేలా ఆగిపోతే కారణం పీహెచ్, సోడా గిన్నె మాత్రమే ఆగితే బైకార్బనేట్ అని సార్ అన్నారు. సరైన ఆలోచనేనా?

నీటిగీత

సరైనదే. ఒక్క జాగ్రత్త. హైడ్రాక్సైడ్ గిన్నెలో పీహెచ్ నిలబడదు, బొగ్గు వేయగానే జారిపోతుంది. పటికలో నానబెట్టిన బొగ్గు కాబట్టి ఇంకా తొందరగా జారుతుంది. పావుగంటకోసారి చూసి సరిచేయండి. లేకపోతే రెండు గిన్నెలూ పోల్చడానికి పనికిరావు. ఒక్కోటి మూడుసార్లు చేయండి.

మర్రిగూడ కుర్రాడు

సార్ సోమవారం ల్యాబ్ తెరిపిస్తానన్నారు. ఎలక్ట్రోడ్ పక్క డిపార్ట్‌మెంట్‌లో ఉందట, అడిగిస్తానన్నారు. ఎస్‌ఓపీలో "ఐ డోంట్ యెట్ నో విచ్ ఆఫ్ ది టూ ఈజ్ ద కాజ్" అనే వాక్యం ఉంది. సోమవారం రీడింగ్‌ని బట్టి ఆ వాక్యం ఉంచుతానో మారుస్తానో ఇక్కడే చెప్తాను.